పాత బిల్లు తీయండి, ఆ తర్వాతే ఫీజు సంగతి

*“మా నాన్నగారికి గుండె డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఆసుపత్రి పేరు కొట్టి వెతికాను. అన్నిటికంటే పైన వచ్చిన పేజీలో డాక్టర్‌గారి ఫొటో, ఖాళీ టైములు అన్నీ ఉన్నాయి. ఫీజు ముందే కట్టి, ఎకో రిపోర్టూ యాంజియోగ్రామూ అప్‌లోడ్ చేయమంటోంది. తాళం గుర్తు ఉంది కానీ, పేజీ అడ్రస్ మా పాత బిల్లు మీద ఉన్నట్టు లేదు. పేజీలోని నంబరుకు ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, అరగంటలో కట్టకపోతే స్లాట్ పోతుందన్నారు. ఇప్పుడు ఆసుపత్రులన్నీ బుకింగ్‌ను బయటి కంపెనీలకే ఇస్తున్నాయి, భయపడకు అంటున్నాడు తమ్ముడు. కట్టమంటారా?”*
*– ఒక పాఠకురాలు*

ఇంకా కట్టకండమ్మా. రిపోర్టులు అసలే పెట్టకండి. ఆ పాత బిల్లు తీసి పక్కన పెట్టుకోండి. దాని మీద ఆసుపత్రి ఫోన్ నంబరూ వెబ్‌సైట్ అడ్రసూ ఉంటాయి. ఆ రెండూ మీకు ఆసుపత్రి కౌంటర్‌లో చేతికి అందినవి. మీరు చూస్తున్న పేజీ, అందులోని నంబరు, ఆ నంబరులో మాట్లాడిన మనిషి మాత్రం మూడూ ఒకే చోటి నుంచి వచ్చాయి. ఆ పేజీ దొంగదైతే నంబరూ దొంగదే, ఫోనెత్తిన మనిషీ వాళ్ల మనిషే. అందుకని ఆయన మర్యాదగా మాట్లాడారన్నది మనకు ఏ విధంగానూ పనికిరాదు.

నేను కొన్నేళ్లు ఒక ఆసుపత్రిలో ఓపీ బుకింగ్ విభాగంలో పనిచేశాను. ఒక గురువారం పొద్దున పెద్దాయనా వాళ్లావిడా ప్రింటు తీసిన రసీదు పట్టుకుని వచ్చారు. పదకొండు గంటల టైము, డాక్టర్ పేరు, టోకెన్ నంబరు అన్నీ ఉన్నాయి. మా లోగో మా రసీదుల మీద కంటే దాని మీదే స్పష్టంగా ఉంది! కానీ ఆ డాక్టర్‌కి గురువారం ఓపీయే లేదు, ఆ రోజంతా ఆపరేషన్లే. పేజీ తయారుచేసినవాడికి మా వెబ్‌సైట్ నుంచి ఫొటో, లోగో, రంగులు అన్నీ దొరికాయి. దొరకనిది ఒక్కటే, మా లోపలి ఓపీ జాబితా. ఆ రోజు నుంచి పేజీ చూడటానికి ఎలా ఉందనేది నేను పట్టించుకోవడం మానేశాను. మీరూ మానేయండి. అచ్చుతప్పులు వెతకడం, ఫొటో మసగ్గా ఉందా అని చూడటం పాత పద్ధతులు. చూడాల్సినవి మూడు: ఆ అడ్రస్ ఎవరిది, ఆసుపత్రి గడప నుంచి ఆ పేజీకి దారి ఉందా, ఆ స్లాట్ ఆసుపత్రి జాబితాలో ఉందా.

ముందు ఆ తాళం సంగతి చెప్పేస్తాను. మీరు టైపు చేసింది దారిలో ఇంకెవరూ చదవకుండా ఆ సైట్‌కి చేరుతుందని మాత్రమే దానర్థం. ఆ సైట్ ఎవరిదన్నది తాళం చెప్పదు. అడ్రస్ కొనుక్కున్న ఎవరికైనా ఆ తాళానికి కావలసిన సర్టిఫికెట్ నిమిషాల్లో, ఉచితంగానే వస్తుంది. జనం దాన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే క్రోమ్ బ్రౌజర్ 2023లో తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది.

ఇక అడ్రస్. మీరు పంపిన అడ్రస్‌ను ఉన్నదున్నట్టు ఇక్కడ వేయడం మంచిది కాదు. పేర్లు మార్చి, ఆకారం అలాగే ఉంచి రాస్తున్నాను. .example, .test అనే తోకలు ఇలాంటి ఉదాహరణల కోసమే పక్కన పెట్టినవి, వాటిని ఎవరూ కొనలేరు. మీ బిల్లు మీది అడ్రస్ hospital.example అనుకుందాం. మీకు తెరుచుకున్న పేజీ ఇలా ఉంది:

```
https://hospital.example.opd-slots.test/book?dr=14
```

చూడగానే ఆసుపత్రి పేరు కనిపిస్తుంది, కన్ను అక్కడే ఆగిపోతుంది. కానీ అడ్రస్‌ను ఎడమ నుంచి కాదు, కుడి నుంచి చదవాలి. ముందుగా // తర్వాత మొదలై, ఆ తర్వాత వచ్చే మొదటి / దగ్గర ఆగిపోయే ముక్కను విడిగా తీసుకోండి. మీ విషయంలో అది hospital.example.opd-slots.test. ఇప్పుడు దాని కుడి కొస నుంచి వెనక్కి రండి. చివరిది .test, అంటే తోక. దానికి ముందున్నది opd-slots. అసలు యజమాని అక్కడ దొరుకుతాడు: opd-slots.test అనే పేరు ఎవరు కొన్నారో ఈ పేజీ వాళ్లది. దానికి ఎడమవైపు ఉన్నదంతా ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకునే పేరు. తన ఇంట్లో గదులకు పేర్లు పెట్టుకున్నట్టే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. / తర్వాత ఆసుపత్రి పేరు వచ్చినా అంతే, అది ఆ సైట్‌లోని ఒక పేజీ పేరు. hospital-example.test అని మధ్యలో చుక్కకు బదులు గీత ఉన్నా, అది పూర్తిగా వేరే అడ్రస్. కొన్ని అడ్రస్‌లకు .co.in లాగా తోకే రెండు ముక్కలుగా ఉంటుంది. అప్పుడు ఆ రెంటికీ ముందున్న పేరు చూడాలి.

ఫోన్‌లో చిన్న తిరకాసు ఉంది. అడ్రస్ పొడుగ్గా ఉంటే ఫోన్ తెర మీద మొత్తం కనపడదు. అడ్రస్ మీద వేలితో నొక్కి, పక్కకు జరిపి చివరిదాకా చూడండి. చాటింగ్ యాప్‌లో లింకు నొక్కితే కొన్నిసార్లు పేజీ ఆ యాప్‌లోనే తెరుచుకుంటుంది, అక్కడ అడ్రస్ సరిగ్గా కనపడకపోవచ్చు. మెనూలో బ్రౌజర్‌లో తెరవమనే ఎంపిక ఉంటుంది, అది నొక్కి అప్పుడు చదవండి.

ఈ లెక్క పనిచేయని చోటు కూడా ఒకటుంది. కొన్ని పేజీల అసలు యజమాని పేరు పెద్ద కంపెనీదే అయి ఉంటుంది. docs.google.com అని మొదలయ్యే ఫారమ్ గానీ, sites.google.com లో కట్టిన పేజీ గానీ చూడండి. కుడి నుంచి చదివితే google.com అని వస్తుంది, అది నిజమే. కానీ ఆ ఫారమ్ తయారుచేసింది గూగుల్ కాదు, ఖాతా ఉన్న ఎవరైనా కావచ్చు. స్థలం కంపెనీది, దుకాణం ఎవరిదో తెలీదు. చిన్న క్లినిక్‌లు నిజంగానే ఇలాంటి ఫారమ్‌లు వాడతాయి కాబట్టి మోసమని అనేయలేం, అలాగని అడ్రస్ చూసి నమ్మనూ లేం. అక్కడ క్లినిక్‌కి ఫోన్ చేయడమొక్కటే దారి.

మీ తమ్ముడి మాట తీసిపారేయాల్సింది కాదు. చాలా ఆసుపత్రులు బుకింగ్ పనిని బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తాయి. ఆసుపత్రి సైట్‌లో అపాయింట్‌మెంట్ బటన్ నొక్కగానే వేరే అడ్రస్‌కి వెళ్లిపోవడం మామూలే. అందుకని అడ్రస్ వేరుగా ఉందంటే దొంగపేజీ అని తేల్చేయకూడదు. ఆసుపత్రే మిమ్మల్ని అక్కడికి పంపుతోందా లేదా అన్నది తేల్చాలి.

అది తేల్చడం కష్టమేం కాదు. బిల్లు మీదున్న అడ్రస్‌ను వెతికే పెట్టెలో కాకుండా, పైనున్న అడ్రస్ పట్టీలో అక్షరం అక్షరం టైపు చేయండి. వెతికితే పైన వచ్చేవాటిలో డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనలుంటాయి. మీకు అన్నిటికంటే పైన వచ్చిందన్నారు కదా, దాని పక్కనో పైనో ప్రకటన అనో స్పాన్సర్డ్ అనో చిన్న మాట ఉందేమో మళ్లీ చూడండి. ఆసుపత్రి పేజీ తెరుచుకున్నాక అపాయింట్‌మెంట్ బటన్ నొక్కి, ఎక్కడ తేలారో చూడండి. అక్కడి అడ్రస్ కూడా కుడి నుంచి చదివి, opd-slots.test అనే వచ్చిందా అని పోల్చండి. వస్తే మీ తమ్ముడు గెలిచాడు. అయినా వెతుకులాటలో దొరికిన పాత పేజీ మూసేసి, ఇప్పుడు తెరుచుకున్నదాంట్లోనే బుక్ చేయండి. వేరేది వచ్చిందంటే, లేదా అసలు ఆన్‌లైన్ బుకింగే లేదంటే, మీ చేతిలోని లింకు ఆసుపత్రి ఇచ్చింది కాదు.

ఈ రెంటికీ మధ్యలో మూడో రకం ఉంది, చాలామంది దీన్ని మోసం అనుకుని కంగారు పడతారు. ఊరందరి డాక్టర్ల పేర్లూ తెచ్చి పెట్టుకునే సైట్లు ఉంటాయి. డాక్టర్‌కే తెలియకుండా ఆయన పేరు, చదువు, ఆసుపత్రి అన్నీ అక్కడ ఉండొచ్చు. అవి డబ్బు కాజేయకపోవచ్చు. కానీ మీ వివరాలు తీసుకుని ‘మీ కోరిక పంపించాం’ అంటాయి, ఆసుపత్రి జాబితాలో మాత్రం మీ పేరు ఎక్కదు. పేరు కనపడినంత మాత్రాన అపాయింట్‌మెంట్ దొరికినట్టు కాదు.

అడ్రస్ ఎప్పుడు కొన్నారో కూడా చూడొచ్చు. lookup.icann.org లో ఆ పేరు వేస్తే, రిజిస్టర్ అయిన తేదీ చూపిస్తుంది. ఏళ్ల తరబడి నడుస్తున్న ఆసుపత్రి బుకింగ్ పేజీకి పోయిన నెలలో కొన్న అడ్రస్ ఉందంటే ఆగాల్సిందే. దేశాల తోకలున్న కొన్ని అడ్రస్‌ల వివరాలు అక్కడ దొరకవు, వాటికి ఆయా దేశాల రిజిస్ట్రీలు వేరుగా ఉంటాయి. ఇంకో మాట, తేదీ పాతదైతే మంచిదని కాదు. ఆసుపత్రి పేరు మారినప్పుడు పాత అడ్రస్‌ను రెన్యువల్ చేయకుండా వదిలేస్తే దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. మీ బిల్లు బాగా పాతదైతే ఇది గుర్తుంచుకోండి. అందుకే అడ్రస్ సరిపోయినా సరే, ఫోన్ కూడా చేయమంటాను.

ఫోన్ బిల్లు మీది నంబరుకే చేయాలి. మ్యాపుల్లో కనిపించే నంబర్లు కూడా నాకు అంత నమ్మకం కాదు, వాటికి మార్పులు బయటివాళ్లు కూడా సూచించగలరు. ఫోన్‌లో ఏం అడుగుతామనేది ముఖ్యం. ‘మీ సైట్ అసలైనదేనా’ అంటే రిసెప్షన్‌లో పిల్ల పని ఒత్తిడిలో ‘అవునండీ’ అనేస్తుంది, మీరే సైట్ గురించి అడుగుతున్నారో ఆమెకేం తెలుసు. ఇలా అడగండి:

‘ఫలానా డాక్టర్‌గారికి ఫలానా రోజు ఓపీ ఉందా? ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు?’

ముందు ఆమెను చెప్పనివ్వండి. మీ పేజీలో కనిపించే టైము మీరు ముందే చెప్పకండి. ఆమె చెప్పిన గంటలూ పేజీలోని టైములూ కలవకపోతే పని సగం అయిపోయినట్టే. కలిస్తే, ‘ఆన్‌లైన్‌లో కట్టాలంటే ఏ అడ్రస్‌లో కట్టాలి, కొంచెం స్పెల్లింగ్ చెప్తారా’ అనండి. ఆ తర్వాత, ‘ఫీజు ముందే కట్టాలా, వచ్చినరోజు కౌంటర్‌లో కట్టొచ్చా’ అనండి. కౌంటర్‌లో కట్టొచ్చంటే ఇంక ఆన్‌లైన్ గొడవే లేదు, ఫోన్‌లోనే పేరు రాయించుకోండి. అరగంటలో స్లాట్ పోతుందన్న మాటకు కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. అసలైన బుకింగ్‌లలో కూడా స్లాట్‌ను కాసేపు పట్టి ఉంచి వదిలేయడం ఉంటుంది కాబట్టి, తొందర పెట్టారని మాత్రమే దొంగ అనలేను. కానీ ఆ స్లాట్ నిజంగా ఉంటే రిసెప్షన్ కంప్యూటర్‌లో కనపడాలి.

అన్నీ సరిపోయి ఆన్‌లైన్‌లోనే కట్టాల్సి వస్తే, ఆఖరి నొక్కు నొక్కే ముందు డబ్బు ఎవరి పేరుకు వెళ్తోందో చదవండి. చాలాచోట్ల చెల్లింపు పేజీలోనో మీ బ్యాంకు యాప్‌లోనో ఆ పేరు కనపడుతుంది. అది ఆసుపత్రిదో, దాన్ని నడిపే సంస్థదో, రిసెప్షన్ చెప్పిన బుకింగ్ కంపెనీదో అయి ఉండాలి. ఎవరో ఒక మనిషి పేరు వచ్చిందంటే ఆపేసి, మళ్లీ బిల్లు నంబరుకు ఫోన్ చేయండి. ఒక్క డాక్టరే నడిపే క్లినిక్‌లో డాక్టర్ పేరు రావచ్చు, పెద్ద ఆసుపత్రికి రాకూడదు. ఫీజు చాలా తక్కువగా, ‘టోకెన్ కోసం’ అని నామమాత్రంగా అడిగారంటే ఇంకా జాగ్రత్త పడతాను నేను. అక్కడ వాళ్లకు కావలసింది ఆ చిన్న మొత్తం కాదు, మీరు కొట్టే కార్డు వివరాలూ ఓటీపీనూ. అలాగే బుకింగ్ కోసమని మెసేజ్‌లో .apk అని ముగిసే ఫైలు పంపితే దాన్ని నొక్కకండి. అది ఫోన్‌లో దిగే యాప్. మెసేజ్‌లు చదివే అనుమతి ఒక్కసారి ఇచ్చారంటే, మీకొచ్చే ఓటీపీలు వాళ్లకూ అందుతాయి. తెర చూపించమనే యాప్ వేసుకోమన్నా అదే జవాబు. అపాయింట్‌మెంట్ ఇవ్వడానికి మీ ఫోన్ తెర ఎవరూ చూడనక్కర్లేదు.

రిపోర్టుల సంగతి దీనికి వేరుగా ఆలోచించండి. డబ్బు పోతే బ్యాంకుతో పోట్లాడి కొంతైనా రాబట్టే ఆశ ఉంటుంది. రిపోర్టు ఒకసారి వెళ్లిపోతే వెనక్కి రాదు. పైగా అందులో ఏముంటుందో మనం ఎప్పుడూ పరీక్షగా చూడం. నాన్నగారి ఎకో రిపోర్టు మొదటి పేజీ ఒకసారి చూడండి: పూర్తి పేరు, వయసు, ఫైలు నంబరు, పరీక్ష రాసిన డాక్టర్, తేదీ ఉంటాయి, ఫోన్ నంబరూ ఉండొచ్చు. యాంజియోగ్రామ్ సీడీలో ఉన్న ఫైళ్లు డైకామ్ అనే రకానివి అయి ఉంటాయి. వాటిలో బొమ్మ ఒక్కటే ఉండదు, బొమ్మతో పాటు పేరు, పుట్టిన తేదీ, ఫైలు నంబరు కూడా ఫైలు లోపలే రాసి ఉంటాయి. తెర మీద పేరు కనపడకుండా కత్తిరించినా ఫైలు లోపలిది అలాగే ఉంటుంది. ఇవన్నీ చేతిలో ఉన్నవాడు వారం తర్వాత ఫోన్ చేసి, ‘మీ నాన్నగారి ఫలానా తేదీ యాంజియోగ్రామ్‌లో ఫలానా రక్తనాళం గురించి డాక్టర్‌గారు అర్జెంటుగా మాట్లాడాలంటున్నారు, అడ్మిషన్ కోసం కట్టండి’ అంటే మీరు నమ్మకుండా ఉండగలరా? అంత సరిగ్గా వివరాలు చెబితే నేనైనా నమ్ముతాను.

అందుకని రిసెప్షన్‌ను ఈ ప్రశ్న కూడా అడగండి: ‘రిపోర్టులు ముందే పంపాలా, వచ్చేటప్పుడు తెస్తే చాలా?’ నేరుగా వెళ్లి చూపించుకునే అపాయింట్‌మెంట్‌కు తేవడమే చాలని చాలాసార్లు చెబుతారు. వీడియోలో చూపించుకుంటే మాత్రం ముందే పంపాలి. అప్పుడు కూడా బుకింగ్ పేజీలో పేరూ ఫోనూ కొట్టగానే వచ్చే అప్‌లోడ్ పెట్టెలో వేయకండి. ఆసుపత్రి సైట్ నుంచి రోగి ఖాతాలోకి లాగిన్ అయ్యాక, నాన్నగారి పేరూ ఫైలు నంబరూ కనపడే చోట వేయండి. అలాంటి ఖాతా లేని చిన్న క్లినిక్ అయితే, ఏ మెయిల్‌కి పంపాలో ఫోన్‌లో అడిగి రాసుకోండి. అసలైన చోటికి పంపేటప్పుడు పేరు చెరిపేసి పంపకండి. పేరు లేని రిపోర్టును ఏ ఫైలులో పెట్టాలో వాళ్లకు తెలియదు. ఒక రోగి రిపోర్టు ఇంకొకరి ఫైలులోకి వెళ్లడం కూడా ప్రమాదమే.

మీరు నాకు రాసిన తర్వాత కట్టేసి ఉంటే: కార్డు వెనుక ఉన్న నంబరుకో, మీ బ్యాంకు యాప్‌లో ఉన్న నంబరుకో వెంటనే ఫోన్ చేసి కార్డు ఆపించండి, ఆ చెల్లింపు మీద ఫిర్యాదు నమోదు చేయించి దాని నంబరు రాసుకోండి. పేజీనీ రసీదునూ అడ్రస్ కనిపించేలా ఫొటో తీసి దాచండి, ఒకట్రెండు రోజుల్లో పేజీ మాయం కావచ్చు. వాటితో పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి. రిపోర్టులు కూడా పెట్టేసి ఉంటే ఇంట్లో అందరికీ, ముఖ్యంగా నాన్నగారికి చెప్పి ఉంచండి: ఆసుపత్రి నుంచని ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి, బిల్లు మీది నంబరుకు మనమే చేద్దామని.

కట్టకపోయి ఉంటే ఇప్పుడే ఆ బిల్లు నంబరుకు చేయండి. స్లాట్ జాబితాలో లేదని చెబితే, మీకు వచ్చిన లింకు అక్షరం అక్షరం వాళ్లకు చదివి వినిపించండి, రేపు ఇంకొకరు అదే రసీదుతో కౌంటర్ దగ్గర నిలబడకుండా వాళ్లు దాన్ని మూయించే పని చూస్తారు. ఫోన్ పెట్టేలోపు నాన్నగారి పేరు రాయించి టైము తీసుకోండి. వెళ్లేరోజు యాంజియోగ్రామ్ సీడీ కవరులో ఉందో లేదో తెరిచి చూసుకోండి; ఖాళీ కవరుతో వచ్చినవాళ్లను కౌంటర్‌లో చాలామందిని చూశాను.